నీళ్లు తగలకముందే: తెల్ల యూనిఫాం మీద మొరం, గరిక మరకలు

శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చే తెల్ల ప్యాంటు మోకాలి దగ్గర సాధారణంగా ఒక మరక కాదు, రెండుంటాయి. వరంగల్ చుట్టుపక్కల బడి గ్రౌండ్లు చాలావరకు ఎర్ర మొరం పోసి చదును చేసినవే. వానలు మొదలయ్యాక వాటి అంచుల్లో గరిక మొలుస్తుంది. ఖోఖోలోనో కబడ్డీలోనో పడ్డ పిల్లగాడు తడి మొరం మీద జారి పోయి పోయి ఆ గరికలోనే ఆగుతాడు. అందుకే మోకాలి మీద కింద ఎర్రటి మట్టి, దాని పక్కన, ఒక్కోసారి దాని మీదే, పచ్చటి గీతలు.

ఇంట్లో జరిగే పని మాత్రం అందరికీ తెలిసిందే. ఆ ప్యాంటు నేరుగా సర్ఫు నీళ్ల బకెట్లో పడుతుంది, రాత్రంతా నానుతుంది, తెల్లారి బండ మీద బ్రష్షు దెబ్బలు తింటుంది. ఎరుపు కాస్త గులాబీ రంగుకు దిగుతుంది, పచ్చ కాస్త పసుపుకు తిరుగుతుంది, అక్కడే ఆగిపోతాయి. తర్వాత ఎంత ఉతికినా కదలవు. తప్పు ఉతుకుడులో లేదు, వరుసలో ఉంది. ఈ రెండు మరకలకూ మందులు వేరు. పైగా ఒకదానికి పనికొచ్చేది రెండోదాన్ని పాడు చేస్తుంది. ఆ వరుసలో మొదటి రెండు మెట్లు నీళ్లు తగలకముందే అయిపోవాలి.

మట్టి ఎక్కడ కూర్చుంటుంది

ప్యాంటును వెలుతురుకు పట్టి మోకాలిని దగ్గరగా చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. పచ్చదనం నూలుపోగుల వీపు మీద, పడ్డ దిక్కులో, గీసినట్టు ఉంటుంది. ఎరుపు అలా ఉండదు. పోగుకూ పోగుకూ మధ్య ఉన్న గుంటల్లో పొడి నింపినట్టు ఉంటుంది. అంటే గరిక రాసుకుపోయింది, మట్టి దూరిపోయింది.

మట్టి గుడ్డకు రంగు వేయదు. అది బట్టలో ఇరుక్కున్న రేణువుల గుంపు, అంతే. మొరంలో ఇసుక, సన్నరాయి, బంకమట్టి కలిసి ఉంటాయి. ఇసుక దులిపితే రాలిపోతుంది. బంకమట్టి రేణువులు మాత్రం చాలా సన్నవి, పైగా వాటిమీద ఇనుప ఆక్సైడు పూత ఉంటుంది. ఎర్ర చెల్కకు ఆ ఎరుపు వచ్చింది ఆ పూత వల్లే. తుప్పుకు ఎరుపు ఎక్కడిదో దీనికీ అక్కడిదే.

తడి మట్టిని రుద్దితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. నీళ్లు తగలగానే బంకమట్టి సన్నటి జావ అవుతుంది. ఆ జావను బ్రష్షుతో నెట్టినకొద్దీ పోగుల మధ్య నుంచి పోగు లోపలికే పోతుంది. పైన ఉన్నది పోయినట్టే కనిపిస్తుంది, ఆరాక గులాబీ నీడ తేలుతుంది. అదే మట్టి ఎండితే పెళ్లలు కట్టి, పగుళ్లు వచ్చి, గుడ్డను వంచగానే రాలుతుంది. ఊరికే చేతికొచ్చే భాగం ఇదే, తొందరపడి తడిపి దాన్నే పోగొట్టుకుంటాం.

నల్లరేగడి సంగతి కొంచెం వేరు. పత్తి చేన్ల పక్కనుంచి నడిచొచ్చే పిల్లల బట్టల మీద కనిపించేది ఇదే. ఇందులోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బే రకం, ఎండితే బిర్రుగా పట్టుకుంటుంది. ఒక్క జాడింపుకు వదలదు. పది నిమిషాలు నానబెట్టి, జాడించి, మళ్లీ నానబెట్టి, ఇలా మూడుసార్లు చేస్తే పొరలు పొరలుగా దిగుతుంది. దీనిలో ఎర్ర ఇనుము కొట్టొచ్చినట్టు ఉండదు కాబట్టి కింద చెప్పబోయే నిమ్మ ఉప్పు దీనిమీద వృథా. రేగడికి ఓపికే మందు.

పచ్చదనం మట్టిలాంటిది కాదు

గరిక మరకలో ఉన్నది ఆకుపచ్చ రంగు పదార్థం, క్లోరోఫిల్. అది ఆకులో ఒంటరిగా ఉండదు. మాంసకృత్తులకూ కొవ్వు పొరలకూ అంటుకుని ఉంటుంది. ఆకు నలిగినప్పుడు ఇవన్నీ కలిసే గుడ్డకు పూసుకుంటాయి. క్లోరోఫిల్ నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. ఈ పనిలో సగం రహస్యం ఇంతే. బకెట్ నీళ్లలో పన్నెండు గంటలు నానినా కదలని పచ్చదనం, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ నాలుగు చుక్కలకు దిగడం మొదలుపెడుతుంది.

వేడి నీళ్లు పోయకూడదు అనడానికి కారణం ఆ మాంసకృత్తులే. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడ్డట్టే అవి పోగుల మీద గట్టిపడతాయి, రంగును తమతోపాటు బిగించుకుంటాయి. పచ్చదనం పోయేదాకా చల్లని నీళ్లే వాడాలి.

పులుపు ఎందుకు వద్దో వంటింట్లో రోజూ కనిపిస్తుంది. పాలకూర వండితే పచ్చగానే ఉంటుంది. పుంటికూర వండితే? పొయ్యి మీద పెట్టిన కొద్దిసేపటికే పచ్చదనం పోయి ముదురు బూడిద గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఆకులోని పులుపు క్లోరోఫిల్ మధ్యలో ఉండే మెగ్నీషియంను ఊడగొడుతుంది, మిగిలింది గోధుమరంగు పదార్థం. గరిక మరక మీద నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఏది రుద్దినా ప్యాంటు మోకాలి మీద అదే పుంటికూర వండినట్టు. పచ్చ పోయిందని సంతోషపడేలోపు అక్కడ చాయ రంగు మరక కూర్చుంటుంది. ఎర్ర మట్టికేమో ఆ పులుపే కావాలి. రెండు మరకలు కలిసి ఉన్నప్పుడు గొడవంతా ఇక్కడే.

ఒక మోకాలు, మొదటి నుంచి

ఏడో తరగతి పిల్లగాడి తెల్ల టెర్రీకాటన్ ప్యాంటు అనుకుందాం. ఎడమ మోకాలి మీద అరచేయి అంత ఎర్ర మరక, దాని పై అంచున రెండు వేళ్ల వెడల్పు పచ్చ గీతలు. ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర, మరక ఇంకా తడిగానే ఉంది.

ముందు పెద్ద ముద్దలు తీయాలి. చెంచా అంచుతో కింది నుంచి పైకి ఎత్తినట్టు తీయాలి తప్ప గుడ్డతో తుడవకూడదు. తర్వాత ప్యాంటును తిరగేయకుండా, మోకాలు మడత పడకుండా దండెం మీద వేయాలి. ఎండ ఉంటే మంచిదే. ముసురు పట్టిన రోజైతే ఇంట్లో ఫ్యాను కింద వేసి రాత్రంతా వదిలేయడమే మేలు. తొందరపడి ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు, ఎందుకంటే మట్టి ఆరుతుంది కానీ పచ్చదనం కాల్చి అతికించినట్టు అవుతుంది. మట్టి పూర్తిగా ఆరిందని ఎలా తెలుస్తుంది? రంగు ఒక ఛాయ లేతబడుతుంది, గుడ్డను రెండు వేళ్లతో వంచితే టపటపమని రాలుతుంది. వంచినప్పుడు మైనంలా సాగితే ఇంకా లోపల తడి ఉన్నట్టే.

ఆరిన మట్టిని దులపడం వెనక వైపు నుంచి మొదలుపెట్టాలి. ప్యాంటు కాలు లోపల చేయి పెట్టి, మరక కిందికి ఉండేలా పట్టుకుని, వెనక నుంచి వేళ్లతో గట్టిగా తట్టాలి. గుంటల్లో ఉన్న పొడి వచ్చిన దారినే బయటపడుతుంది. ఆ తర్వాతే ముందు వైపు పాత పళ్ల బ్రష్షు, అదీ మెత్తగా, నేత వెంట, ఒకే దిక్కులో. గుండ్రంగా తిప్పి రుద్దితే పొడి మళ్లీ గుంటల్లో కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల పని ఇది. అయిపోయాక మరక సగానికి పైగా తగ్గినట్టు కనిపించాలి. తగ్గకపోతే ఇంకా ఆరలేదని అర్థం.

ఇప్పుడు స్పిరిట్, నీళ్ల కంటే ముందు. దీనికి రెండు కారణాలున్నాయి. తడి గుడ్డ మీద పోస్తే స్పిరిట్ పలచబడిపోయి క్లోరోఫిల్‌ను కరిగించే బలం పోతుంది. రెండోది మరీ పనికొచ్చే సంగతి: బంకమట్టి నీళ్లలో జావ అయినట్టు స్పిరిట్‌లో జావ కాదు. పోగుల్లో మిగిలిన కొద్దిపాటి మట్టి అలా పొడిగానే ఉండి, పచ్చదనం ఒక్కటే కదులుతుంది.

పాత తెల్ల బనియను గుడ్డను నాలుగు మడతలు పెట్టి పలక మీద పరచాలి. ప్యాంటును తిరగేసి, మరక ఆ గుడ్డకు ఆనేలా బోర్లా పెట్టాలి. దూదిని స్పిరిట్‌లో ముంచి వెనక వైపు నుంచి అద్దాలి, మరక చుట్టూ ఉన్న అంచుల నుంచి మధ్యకు. మధ్య నుంచి బయటికి వెళితే పచ్చటి వలయం పడుతుంది. ఈ మోకాలికి ఒక విడతకు ఒక టీస్పూను స్పిరిట్ చాలు. రెండు నిమిషాలు ఆగి, పైనుంచి గట్టిగా అదిమి, ఎత్తి చూస్తే కింది గుడ్డ మీద పచ్చటి అచ్చు కనబడుతుంది. ఆ గుడ్డను జరిపి, తెల్లటి చోట మళ్లీ పెట్టి, మళ్లీ అద్దాలి. మొదటి అచ్చు ముదురు పచ్చ, రెండోది లేత పచ్చ, మూడోది పసుపు ఛాయ, నాలుగోది దాదాపు ఏమీ ఉండదు. అచ్చు రావడం ఆగినప్పుడే ఈ మెట్టు అయినట్టు. గుడ్డను జరపకుండా ఒకేచోట పెట్టి అద్దితే దిగిన పచ్చదనం మళ్లీ ప్యాంటుకే ఎక్కుతుంది. ఎక్కువ మందికి స్పిరిట్ పనిచేయలేదనిపించేది ఈ కారణానికే.

స్పిరిట్ లేకపోతే చేతులకు రాసుకునే శానిటైజరైనా సరే, డెబ్బై శాతం ఆల్కహాల్ ఉన్నదైతే. జిగురుగా ఉంటుంది కాబట్టి తర్వాత ఎక్కువ జాడించాలి. ఏదైనా పొయ్యి దగ్గర, దీపం దగ్గర చేయొద్దు, కిటికీ తెరిచి చేయాలి. ఇంకో మాట: పీటీ డ్రెస్సుకు రంగు పట్టీలో, అచ్చు వేసిన బడి గుర్తో ఉంటే ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి చూడాలి. కొన్ని రంగులు స్పిరిట్‌కు దిగుతాయి. జేబు మీద బాల్‌పెన్ను సిరా ఉన్నా ఇదే స్పిరిట్ దాన్నీ కరిగిస్తుంది, కానీ చెరువంత చేసి వదులుతుంది. దాని దగ్గరికి ఈ దూది పోనివ్వకపోవడమే క్షేమం.

స్పిరిట్ ఆరిపోయాకే నల్లా దగ్గరికి వెళ్లాలి. ప్యాంటు తిరగేసే ఉంటుంది కాబట్టి మోకాలిని రెండు చేతులతో బిగువుగా లాగి పట్టి, వెనక వైపున చల్లని నీళ్ల ధార పడనివ్వాలి. ముందు వైపు నుంచి పడితే ధారే మట్టిని లోపలికి తోస్తుంది. కింద తెల్ల మగ్గు పెడితే నీళ్ల రంగు తెలుస్తుంది. మొదట ఇటుక రంగు, తర్వాత లేత టీ రంగు, రెండు మూడు నిమిషాలకు తేటగా అవుతాయి. నల్లా ధార సన్నగా వచ్చే ఇళ్లలో మగ్గుతో ఒక అడుగు ఎత్తు నుంచి పోసినా అదే పని జరుగుతుంది.

ఇక సబ్బు. లిక్విడ్ డిటర్జెంటు ఒక టీస్పూను, లేదా సబ్బు పొడి ఒక టీస్పూనులో అంతే నీళ్లు కలిపిన ముద్ద. ప్యాకెట్ మీద ఎంజైములు ఉన్నాయని రాసి ఉన్నది దొరికితే తీసుకోవాలి. స్పిరిట్ రంగును తీసుకుపోయినా గరికలోని మాంసకృత్తులు పోగుల మీద మిగిలే ఉంటాయి, వాటిని ముక్కలు చేసేది ఆ ఎంజైములే. అవి పనిచేయడానికి సమయం కావాలి, అరగంటకు తగ్గకుండా. చేయి పెడితే వెచ్చగా అనిపించీ అనిపించని నీళ్లయితే ఇంకా బాగా పనిచేస్తాయి. అంతకు మించి వేడి వద్దు. ముద్ద పూసిన చోట ఆరిపోకుండా చూసుకోవాలి, ఆరితే అక్కడో తెల్ల చట్టు కడుతుంది.

బోరు నీళ్ల పేచీ

ఇన్ని చేసినా కొన్ని ఇళ్లలో మోకాలు బూడిద రంగుకే ఆగిపోతుంది. అక్కడ చూడాల్సింది నీళ్లను. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్ల పొక్కు కడుతుందంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని లెక్క. అవి మట్టి రేణువులను ఒకదానికొకటి, గుడ్డకూ అంటిస్తాయి. సబ్బు బలాన్ని కూడా అవే తినేస్తాయి. నూనెతో చేసిన మామూలు సబ్బుబిళ్ల అయితే మరీ అధ్వానం, గార లాంటి తెట్టు కట్టి, ఆ తెట్టులో మట్టి చిక్కుకుంటుంది.

మొత్తం బకెట్ నీళ్లను మార్చాల్సిన పని లేదు. మరక అరచేయి అంతే కదా. సబ్బు ముద్ద కలపడానికీ, మొదటి జాడింపుకూ తాగే క్యాన్ నీళ్లు ఒక లీటరు వాడితే చాలు. పట్టి పెట్టుకున్న వాన నీళ్లుంటే ఇంకా మంచిది. ఆ తర్వాత మామూలు ఉతుకుడుకు బోరు నీళ్లే వాడాలంటే పది లీటర్ల బకెట్‌కు ఒక టీస్పూను బట్టల సోడా ముందే కలిపి, పది నిమిషాలు ఆగి, అప్పుడు సబ్బు పొడి వేయాలి.

బకెట్ గురించి చెప్పాల్సింది మరొకటి ఉంది. మట్టి ప్యాంటును మిగతా తెల్ల బట్టలతో కలిపి నానబెట్టకూడదు. సబ్బు నీళ్లు ఒక మేరకే మట్టిని తేలగట్టి పట్టుకోగలవు. ఆ మేర దాటాక, ముఖ్యంగా రాత్రంతా కదలకుండా ఉంటే, ఆ సన్నమట్టి మెల్లగా దిగి బకెట్లో ఉన్న ప్రతి తెల్లచొక్కా మీదా పలచగా పరుచుకుంటుంది. ఒక్క మోకాలి మరక ఇంటిల్లిపాది తెల్లబట్టలకూ పంచినట్టవుతుంది. నీళ్లు టీ రంగుకు తిరగగానే పారబోయాలి, అది పది నిమిషాలకైనా సరే.

మిగిలిన నీడ ఎవరిది

ఇంతవరకూ సరిగ్గా చేస్తే చాలా ప్యాంట్లు ఇక్కడే మామూలు ఉతుకుడుకు వెళ్లిపోతాయి. కొన్నిటి మీద మాత్రం పసుపో, గులాబీయో ఒక నీడ మిగులుతుంది. అది మట్టిదా, గరికదా తేల్చుకోకుండా మందు వేయకూడదు. తేల్చుకోవడం సులువే. గుడ్డను ఆరనిచ్చి, స్పిరిట్ దూదిని ఆ నీడ మీద గట్టిగా అదిమి చూడాలి. దూదికి పసుపో పచ్చో అంటితే గరిక ఇంకా ఉంది, స్పిరిట్ మెట్టునే మళ్లీ చేయాలి. దూది తెల్లగానే ఉండి, నీడ ఇటుక ఛాయలో ఉంటే అది ఇనుము. ఎండ కూడా ఒక సాక్షి: తడిపి ఎండలో వేసిన గరిక నీడ రెండు రోజుల్లో వెలుస్తుంది, ఇనుము నీడ వెలవదు.

ఇనుమైతే ఇప్పుడు పులుపు వాడొచ్చు, పచ్చదనం పోయింది కాబట్టి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు ఒక టీస్పూను, పావు లీటరు వేడి నీళ్లలో కరిగించి, మోకాలి భాగం వరకే అందులో అరగంట ముంచాలి. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుని నీళ్లలోకి లాగుతుంది, కానీ నెమ్మదిగా. రెండుసార్లు చేయాల్సి రావచ్చు. తర్వాత బాగా జాడించాలి. పులుపు నూలులో మిగిలిపోయి దానిమీద ఇస్త్రీ పడితే పోగు బలం తగ్గుతుంది. దీనికన్నా బలమైనది ఆక్సాలిక్ ఆమ్లం, తుప్పు మరకల మందుల్లో ఉండేది అదే. అది విషం. చేతికి తొడుగు, పిల్లలకు అందని చోటు ఉంటేనే దాని జోలికి వెళ్లాలి. బడి ప్యాంటు మోకాలికి అంత అవసరం అరుదు.

నీడ లేత పసుపుగా ఉండి, దూదికీ అంటక, పులుపుకూ కదలకపోతే అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్. మెడికల్ షాపులో దొరికే ఆరు శాతం సీసాకు సమానంగా నీళ్లు కలిపి, చిటికెడు సబ్బు పొడి వేసి, నీడ మీద పోసి పదిహేను నిమిషాలు ఉంచి జాడించాలి. ఇది వరుసలో చివరికి ఎందుకొచ్చిందో చెప్పాలి. ఇనుము ఉన్నచోట పెరాక్సైడ్ ఒక్కసారిగా విరిగిపోతుంది, ఆ వేగంలో నూలును కూడా తినేస్తుంది. మట్టి పోకముందే దీన్ని పోస్తే మరక పోకపోగా, కొన్ని ఉతుకుళ్ల తర్వాత అదే చోట సూదిమొనంత చిల్లులు కనబడతాయి. చిల్లులకు కారణం ఇదని ఎవరికీ తట్టదు, గుడ్డ నాసిరకమని తిట్టుకుంటారు.

తెల్లబట్ట అనగానే చేయి పోయేది క్లోరిన్ బ్లీచ్ సీసా మీదికి. పచ్చదనాన్ని అది వెలవెలబోయేలా చేస్తుంది, నిజమే. ఎర్ర మట్టి రంగు మాత్రం దానికి లొంగేది కాదు. ఇనుప ఆక్సైడు ముందే పూర్తిగా ఆక్సీకరణం చెంది ఉంది, బ్లీచ్ దానికి చేయడానికి ఏమీ మిగల్లేదు. నడుము దగ్గర ఎలాస్టిక్ ఉన్న పీటీ ప్యాంటుకు పసుపు, సాగుడు అదనం. నిమ్మ ఉప్పు వాడిన బట్ట మీద, అదే బకెట్లో బ్లీచ్ పోయడం ప్రమాదం కూడా, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నీలి మందు సంగతి అయితే, అది మరకను తీయదు, పసుపు మీద నీలం కలిపి కంటిని తెల్లదనుకునేలా చేస్తుంది. మట్టి మిగిలిన మోకాలి మీద అది సమంగా పట్టదు, మచ్చలు మచ్చలుగా ఆరుతుంది.

ఇప్పటికే ఉతికి, ఇస్త్రీ కూడా చేసేసిన ప్యాంటు చేతికొస్తే? వరుస అదే, ఆశ కొంచెం తగ్గించుకోవాలి. స్పిరిట్ మెట్టు మూడు నాలుగు విడతలు కాకుండా ఏడెనిమిది పడుతుంది, ఎంజైము ముద్ద అరగంట కాకుండా రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచాలి. ఇస్త్రీ ఒకసారి తగిలిన గరిక ఓ మోస్తరుగా దిగుతుంది. నాలుగైదు శనివారాల ఇస్త్రీలు తగిలింది లేత పసుపు దగ్గర ఆగిపోతుంది.

అన్నీ చేశాక కూడా మోకాలి మీద బూడిదరంగు మచ్చ కనిపిస్తే, ఇంకో మందు వెతికేముందు దానిమీద వేలికొస ఆనించి చూడాలి. చుట్టూ గుడ్డ నున్నగా ఉండి అక్కడ మాత్రం గరుకుగా, నూగు లేచినట్టు తగిలితే, అక్కడ ఉన్నది మరక కాదు. మొరంలోని సన్నరాయి జారుడులో పోగులను గీరింది, లేచిన నూగు మీద వెలుతురు వేరుగా పడుతోంది, దుమ్ము వెంటనే పడుతోంది. చిన్న కత్తెరతో ఆ నూగును గుడ్డకు ఆనించి కత్తిరిస్తే మచ్చ సగం తగ్గుతుంది. మిగతా సగం ఆ ప్యాంటు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.